గల్లాలోంచి ఇంటికి తీసిన డబ్బు

నెలాఖరుకి గల్లాలో నగదు, పుస్తకంలో నిల్వ కలవకపోతే ముందు చూడాల్సింది ఇంటి వాడకమే. ట్యాలీలో Capital Account గ్రూప్ కింద ‘డ్రాయింగ్స్’ అని ఒక లెడ్జర్ తెరవండి. ఇంటికి తీసిన ప్రతి రూపాయీ, పిల్లల ఫీజూ, యజమాని ఆదాయపు పన్నూ అందులోకే: డ్రాయింగ్స్ డెబిట్, క్యాష్ లేదా బ్యాంకు క్రెడిట్. ఖర్చుల్లో రాస్తే లాభం తప్పుగా తగ్గుతుంది. సొంత ఖాతా నుంచి షాపు ఖాతాకి 50,000 వేస్తే బ్యాంకు డెబిట్, క్యాపిటల్ క్రెడిట్. అది అమ్మకం కాదు.

చాలామంది మరిచేది సరుకు. ఇంటికి తీసుకెళ్లిన నూనె డబ్బా కొన్న ధర 2,000, దానిపై ఇన్‌పుట్ తీసుకున్న జీఎస్టీ 100 అనుకుందాం. జర్నల్‌లో డ్రాయింగ్స్ డెబిట్ 2,100, పర్చేజెస్ క్రెడిట్ 2,000, ఇన్‌పుట్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరో 50 క్రెడిట్. అమ్మే ధర వేయకూడదు. ఆ 100 జీఎస్టీఆర్-3బీలో కూడా రివర్స్ చేయాలి.

ఒక జాగ్రత్త: భార్య ఖాతా నుంచి వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాల్సిందైతే క్యాపిటల్‌లో వేయకండి, అది అప్పు. ఆమె పేరుతో లోన్ లెడ్జర్ పెట్టాలి.