తలంటు పాఠాలు – 4: నురగ పోయిందనుకున్న తర్వాత

ఈసారి కడగడం గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ మూడో పాఠం చదివి తలంటుకున్నవాళ్లలో నలుగురైదుగురు మంట పుట్టిందని కబురు పెట్టారు. ముందు ఆ పంచాయితీ తేల్చాలి.

తప్పులో సగం నాదే. "వేళ్లు కొంచెం నొక్కి రుద్దండి" అని రాసి ఊరుకున్నాను. కాశీనగర్‌లో ఒకావిడ ఆ "నొక్కి" అన్న మాటను గట్టిగా పట్టుకున్నారు. పిల్లకి బుర్ర రుద్దితే అది పెరట్లోంచి పారిపోయిందట. గుణుపురం నుంచి ఒక చెల్లి, "అక్కా, మీరు చెప్పినట్టే చేశాను, చెవుల పైన చెమట తగిలితే చురుక్కుమంటోంది" అంది. చెమట తగిలి చురుక్కుమందంటే అక్కడ చర్మం గీరుకుపోయినట్టే. అది నొక్కడం వల్ల రాలేదు, గోళ్ల వల్ల వచ్చింది. అడిగితే ఒప్పుకుంది: "దురదగా ఉంటే ఒకసారి గీరానక్కా."

నొక్కడమంటే ఏమిటో ఇప్పుడు సరిగ్గా చెబుతాను. తడి లేకుండానే చూడండి. నాలుగు వేళ్ల కొసల మెత్తటి భాగం నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట ఆనించండి. వేళ్లు చర్మం మీద జారకూడదు. చర్మమే వేళ్లతోపాటు ఎముక మీద ఇటూ అటూ కదలాలి. ఆ కదలికకు ఎంత బరువు కావాలో అంతే బరువు వేయండి. వేళ్లు జారాయంటే మీరు వెంట్రుకల్ని రుద్దుతున్నారు, చర్మాన్ని కాదు. చర్మం కదులుతోంది కానీ నొప్పిగా ఉందంటే బరువు ఎక్కువైంది. ఒక చోట నాలుగైదు చుట్లు తిప్పి, వేళ్లు ఎత్తి, పక్క చోట ఆనించాలి. తల మొత్తానికి రెండు నిమిషాలు చాలు. గోళ్లు పెంచుకున్నవాళ్లు వేళ్లను చదునుగా పరిచి రుద్దుకోండి. బజారులో దొరికే ప్లాస్టిక్ పళ్ల బ్రష్షు నాకు నచ్చదు, ఎంత బరువు పడుతోందో వేలికి తెలిసినట్టు దానికి తెలియదు.

రెండో తగువు నీళ్ల వేడి. కొరాపుట్ వైపు చలికాలంలో కుళాయి నీళ్లు చేయి పెట్టనివ్వవు కదా. అందుకని అక్కడివాళ్లు "గోరువెచ్చన" అన్నదాన్ని "ఆవిరి వచ్చేదాకా" అని అర్థం చేసుకున్నారు. వేడి నీళ్లు నూనె జిడ్డుతో పాటు చర్మానికి అవసరమైన పలుచటి జిడ్డును కూడా లాగేస్తాయి. తలంటుకున్న గంటకే చర్మం బిగుసుకున్నట్టు ఉండి, సన్నటి పొడి పొట్టు రాలుతుంది. కావలసింది ఒంటి వేడికి దగ్గరగా, 37 డిగ్రీల చుట్టుపక్కల ఉండే నీళ్లు. ధర్మామీటర్ ఎవరి దగ్గరుంటుంది? ఒక లెక్క చెబుతాను. బకెట్‌లో ఐదు చెంబుల చన్నీళ్లు పోసి, మీద ఒక చెంబు మరిగే నీళ్లు పోయండి. చన్నీళ్లు 25 డిగ్రీలుంటే రెండూ కలిసి 37, 38 డిగ్రీల దగ్గర కుదురుతాయి. చన్నీళ్లు చేతికి జిల్లుమనే రోజున అవి నాలుగు చెంబులో, మూడు చెంబులో చాలు. చన్నీళ్లే ముందు. మోచేతి లోపలి వైపు పోసుకుంటే వేడి, చల్లన ఏదీ ప్రత్యేకంగా తెలియకూడదు. "హాయిగా ఉంది" అనిపిస్తే ఇంకాస్త చన్నీళ్లు కలపండి.

షాంపూ తీసుకోవడం, నీళ్లలో కలపడం రెండో పాఠంలోనే అయిపోయాయి, మళ్లీ చెప్పను. ఒక్క మాట మాత్రం. కలిపి సీసాలో నిల్వ పెట్టకండి. నీళ్లు చేరాక అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ పూటకి ఆ పూట కలుపుకోవాలి. నేనైతే పాత సాస్ సీసా మూతికున్న సన్నటి ముక్కుతో పాపిటల వెంట పోస్తాను. మూడు పాపిటలు తీస్తే తల అంతా అందుతుంది.

ఇక అసలు పాఠం. పర్లాకిమిడిలో మా వీధి చివర ఒక పిన్ని ఉన్నారు. నడుము కిందికి దిగే ఒత్తు జుట్టు. ప్రతి శనివారం తలంటు. సోమవారానికల్లా మెడ వెనక, చెవుల వెనక దురద. తెల్లటి పొడి రాలుతుంది. "చుండ్రు పట్టేసిందమ్మా" అని మంగళవారం ఇంకోసారి షాంపూ పెట్టేవారు. గురువారానికి దురద రెట్టింపు. అప్పుడు నిమ్మరసం, అదీ చాలక ఇంకో షాంపూ.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. తెల్లగా రాలిన ప్రతిదీ చుండ్రు కాదు. చుండ్రు పొట్టు కాస్త జిడ్డుగా, కొన్నిసార్లు పసుపు ఛాయతో ఉంటుంది. కొందరికి కనుబొమల్లోనూ, ముక్కు పక్కన మడతల్లోనూ పొలుసు కనిపిస్తుంది. బాగా కడిగినా రెండు మూడు రోజుల్లో మళ్లీ వస్తుంది. మిగిలిపోయిన షాంపూ ఎండితే వచ్చే పొడి అలా కాదు. అది వెంట్రుకల పొడవునా అంటుకుని ఉంటుంది, జుట్టు జీవం లేనట్టు బరువుగా ఉంటుంది. ఒట్టి నీళ్లతో రుద్దితే పోతుంది. ఒంటి సబ్బు తలకి రుద్దేవాళ్లకి ఇంకో రకం. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే సబ్బు ఆ సున్నంతో కలిసి తెల్లటి జిగురుగా మారి వెంట్రుకలకి పట్టేస్తుంది, అది ఎన్ని నీళ్లు పోసినా సరిగా వదలదు. షాంపూకి ఆ జిగురు రాదు. సబ్బువాళ్లు ముందు సబ్బు మానాలి, తర్వాతే ఈ పాఠం. కుంకుడు రసం వాడేవాళ్లు దాన్ని పలుచటి గుడ్డలో వడగట్టండి. పిప్పి పలుకులు మెడ దగ్గర ఇరుక్కుని దురద పెడతాయి. దాన్ని కూడా చుండ్రనే అంటారు మా వాళ్లు!

పిన్నిగారిది ఏ రకమో తెలియాలంటే ఊహ పనికిరాదు. ఒక శనివారం స్టీలు బేసిన్ పట్టుకుని వాళ్ల పెరట్లో కూర్చున్నాను. ఆవిడ ఎప్పుడూ పోసుకున్నట్టే ముందుకి వంగి, మగ్గుతో నాలుగుసార్లు పోసుకుని "అయిపోయింది" అన్నారు. నురగ కనబడటం లేదు. ఐదో మగ్గు నేను నడినెత్తి మీద పోసి, కారిన నీళ్లు బేసిన్‌లో పట్టాను. అరచేత్తో పదిసార్లు చిలికాను. ఒకటి రెండు బుడగలొచ్చి పగిలిపోయాయి. అంటే నెత్తి శుభ్రమే. తర్వాత మెడ వెనక జుట్టు ఎత్తి, వేళ్లు కుదుళ్లలోకి పోనిచ్చి ఆరో మగ్గు పోశాను. ఆ నీళ్లు చిలికితే మజ్జిగ మీద తేలినట్టు నురగ లేచింది, నేను పది లెక్కపెట్టినా చావలేదు.

"ఇంత ఎక్కడ దాక్కుందే?" అన్నారు పిన్ని.

ఎక్కడంటే, ఒత్తు జుట్టు గొడుగులాంటిది. మగ్గు వెడల్పు మూతితో ధబాలున పోసిన నీళ్లు ఆ గొడుగు మీదుగా జారి కిందికి పోతాయి. నెత్తిన వదిలిన నురగంతా దిగుతూ దిగుతూ మెడ దగ్గర, చెవుల వెనక మడతల్లో ఆగుతుంది. వంగి పోసుకుంటే మెడ వెనక భాగం నెత్తి కంటే పైకి ఉంటుంది, నెత్తిన పోసిన నీళ్లు అక్కడికి తక్కువ చేరతాయి. కంటికి నురగ పోయినంత మాత్రాన షాంపూ పోయినట్టు కాదు. పలచబడ్డ షాంపూ నురగ లేకుండానే చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, చిలికితేనే బయటపడుతుంది.

ఆ రోజు ఇలా కడిగాం. మగ్గు పక్కన పెట్టి ఇత్తడి చెంబు తెచ్చాం. సన్నటి మెడ చెంబుకి ధార కూడా సన్నగా, ఒకే చోట పడుతుంది, చెంబు మీద నా మక్కువ ఇందుకే. మొదట తల నిలువుగా పెట్టి నడినెత్తిన రెండు చెంబులు, ఎడం చేతి వేళ్లు కుదుళ్లలో కదుపుతూ. తర్వాత తల ఎడమకి వంచి కుడి చెవి వెనక, మళ్లీ కుడికి వంచి ఎడమ చెవి వెనక. చివరికి గడ్డం ఛాతీకి ఆనించి, జుట్టంతా ముందుకి వేసుకుని, మెడ మీద తిన్నగా. ధార ఎక్కడ పడుతోందో వేలు అక్కడ ఉండాలి. వేలు లేకుండా ఎన్ని చెంబులు పోసినా నీళ్లు దండగ. రెండు చెవుల వెనక మూడేసి చెంబులు పట్టాయి. మెడ దగ్గర ఐదో చెంబుకి గానీ బేసిన్‌లో నీళ్లు బుడగ లేకుండా తేరలేదు. అంటే ముందు పోసిన ఆరు మగ్గులు కాక, ఇంకా పదమూడు చెంబులు. నడుము దాటిన జుట్టుకి ఇది ఎక్కువేమీ కాదు. కింది జుట్టుకి విడిగా షాంపూ రుద్దలేదు. పైనుంచి దిగే నురగే దానికి చాలు.

ఆ సోమవారం పిన్నికి చెవుల వెనక దురద లేదు. మెడ దగ్గర కొంచెం ఉంది, ఎందుకంటే అక్కడ గీరిన గాట్లు ఇంకా ఆరలేదు. మూడో శనివారానికి అదీ పోయింది. మంగళవారం షాంపూ మానేశారు. నిమ్మకాయలు పులిహోరకి తిరిగి వెళ్లాయి.

అందరికీ ఇలాగే తగ్గుతుందని అనను. మూడు నాలుగు తలంట్లు బాగా కడిగాక కూడా చెవులు, మెడ, కనురెప్పలు దురద పెడితే షాంపూలోని వాసన ద్రవ్యమో, జుట్టు రంగో పడటం లేదేమో చూడాలి. కారిన దారిలోనే దురద రావడం దాని గుర్తు. చర్మం ఎర్రబడి రసి కారినా, వెంట్రుకలు కుచ్చుగా ఊడినా చర్మ వైద్యుణ్ణి కలవండి. చుండ్రుకని వైద్యుడు కీటోకోనజోల్ షాంపూ రాసిస్తే దాన్ని పెట్టగానే కడగకూడదు, మూడు నుంచి ఐదు నిమిషాలు తల మీద ఉంచాలి. ఆ తర్వాత కడిగే పద్ధతి మాత్రం ఇదే.

తువాలుతో అద్దండి, రుద్దకండి. తడి ముడి వేయకండి. ఇవి అందరికీ తెలిసినవే.

అభ్యాసం: వచ్చే నాలుగు తలంట్లకి బేసిన్ పెట్టుకోండి. నడినెత్తి, కుడి చెవి వెనక, ఎడమ చెవి వెనక, మెడ. ఒక్కో చోటి నీళ్లు విడిగా పట్టి పదిసార్లు చిలికి, బుడగలు నిలవకుండా పోవడానికి ఎన్ని చెంబులు పట్టాయో క్యాలెండర్ మీద ఆ తేదీ పక్కనే రాయండి. కష్టమే, ఇంట్లో ఎవరినైనా సాయం పిలవండి. నాలుగోసారికి మీ తల లెక్క మీకు తెలిసిపోతుంది, బేసిన్ అక్కర్లేదు. గుణుపురం చెల్లీ, నువ్వు మాత్రం ముందు గోళ్లు తీసుకో. చురుకు తగ్గేదాకా షాంపూ వద్దు, ఒట్టి నీళ్లతోనే ఈ లెక్క మొదలుపెట్టు. నీ బేసిన్‌లో నురగ లేస్తే అది పోయినసారిదే.