నమూనా సంతకం కార్డు, నాలుగో పాఠం: వివాహ ధ్రువపత్రంలో కొత్త పేరు వెతకకండి

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబు రాసినవారిలో ఎక్కువమంది, పెళ్లయ్యాక బ్యాంకు ఖాతాలో పేరు మార్చమన్న ఆ దరఖాస్తును తిప్పి పంపాలన్నారు. చెప్పిన కారణం కూడా ఒకటే: వివాహ ధ్రువపత్రంలో ఖాతాదారు కొత్త పేరు లేదట. ఈసారి ఉమ్మడి ఖాతాల సంగతి చెప్పాలనుకున్నాను, దాన్ని వాయిదా వేస్తున్నాను. బ్యాంకు కౌంటరులో ఈ ఒక్క పొరపాటు వల్ల సరైన కాగితాలు తెచ్చిన ఆడవాళ్లు మళ్లీ మళ్లీ తిరగవలసి వస్తోంది.

అభ్యాసాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. పేర్లు పాఠం కోసం అల్లినవే. ఖాతా కొత్తపల్లి సుజాత పేరు మీద ఉంది. దాన్ని మల్లాది సుజాతగా మార్చి, కొత్త సంతకం నమోదు చేయమని ఆమె అడిగారు. దరఖాస్తుతో పాటు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం, కొత్త పేరుతో ఆధార్, పాత పేరుతోనే ఉన్న పాన్ కార్డు ఇచ్చారు. ధ్రువపత్రంలో వధువు కొత్తపల్లి సుజాత, వరుడు మల్లాది రవికుమార్.

ఆ ధ్రువపత్రం పేరు మార్పు ఉత్తర్వు కాదు. ఫలానా రోజున ఈ ఇద్దరికీ పెళ్లయిందని మాత్రమే అది చెబుతుంది. పెళ్లినాటికి వధువుకు ఏ పేరు ఉందో ఆ పేరే అందులో రాస్తారు. కాబట్టి కొత్త ఇంటిపేరు అందులో సాధారణంగా కనిపించదు. కనిపించకపోవడం లోపం కాదు. ఆ కాగితం పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య వంతెన. మనం చూడవలసింది దాని రెండు కొసలు. ఒక కొస బ్యాంకు రికార్డుకు ఆనాలి: వధువు పేరు, ఆమె తండ్రి పేరు ఖాతా తెరిచినప్పటి వివరాలతో కలవాలి. రెండో కొస కొత్త ఆధార్‌కు ఆనాలి: వరుడి ఇంటిపేరు కొత్త ఇంటిపేరుతో, వరుడి పేరు ఆధార్ చిరునామాలో భర్త పేరు ఉంటే దానితో కలవాలి. పుట్టిన తేదీ ఆధార్‌లోనూ ఖాతాలోనూ ఒకటే ఉండాలి, ఫొటో ఎదురుగా ఉన్న మనిషిదే కావాలి. సుజాత విషయంలో ఇవన్నీ కుదిరాయి. దరఖాస్తు తీసుకోవలసిందే.

కొత్త పేరుతో గుర్తింపు పత్రమేదీ లేకపోతే పరిస్థితి మారుతుంది. రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాలు ఇక్కడ ఒక వెసులుబాటు ఇచ్చాయి. గుర్తింపు పత్రం జారీ అయిన తరువాత పేరు మారినా ఆ పత్రం చెల్లుతుంది. అయితే ఆ పేరు మార్పును సూచించే వివాహ ధ్రువపత్రమో, గెజిట్ ప్రకటనో తోడుండాలి. ధ్రువపత్రమైతే రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసినదై ఉండాలి. ‘పేరు మార్పును సూచించే’ అన్న మాట దగ్గర ఆగండి. పాస్‌పోర్టు పాత పేరుతో ఉండి, ధ్రువపత్రంలోనూ పాత పేరే ఉంటే, మల్లాది సుజాత అన్న పేరు ఆమె దరఖాస్తులో తప్ప ఎక్కడా లేదన్నమాట. అప్పుడు నేను నమూనా సంతకం కార్డు మార్చను. ముందు ఆధార్‌లో పేరు మార్పించుకుని రమ్మంటాను, గెజిట్ కంటే అదే తేలిక. మీరు తిప్పి పంపవలసిన దరఖాస్తు ఇలాంటిది, సుజాతది కాదు.

శుభలేఖ, గుడిలో ఇచ్చిన రసీదు, పెళ్లి ఫొటో ఈ పనికి రావు. నోటరీ చేసిన అఫిడవిట్ కూడా ఒంటరిగా చాలదు. అది ఖాతాదారు తన గురించి తాను చెప్పుకున్న మాటే కదా.

ఇక తేదీలు. కాగితాలు చేతికి రాగానే నేను పేర్ల కంటే ముందు వీటినే చూస్తాను. ధ్రువపత్రంలో పెళ్లి తేదీ వేరు, నమోదు తేదీ వేరు. 2021లో పెళ్లయి 2024లో నమోదు చేయించుకున్నవారు ఉంటారు. కొత్త ఇంటిపేరు ఉన్న పత్రం పెళ్లి తేదీకి ముందే జారీ అయి ఉంటే ప్రశ్న అడగాలి. పాత ఇంటిపేరు ఉన్న పత్రం పెళ్లయ్యాక జారీ అయి ఉంటే అనుమానపడనక్కరలేదు, పెళ్లిరోజునే పేరు మార్చుకోవాలని ఎక్కడా లేదు. ఆధార్ ఒక్కదానితో జాగ్రత్త. దాని మీద ముద్రించే జారీ తేదీ ఆ నంబరు మొదటిసారి ఇచ్చిన నాటిది. పేరు మారినా అది మారదు. 2013 నాటి ఆధార్‌లో 2021లో పెళ్లయిన ఆమె కొత్త ఇంటిపేరు కనిపిస్తే మోసమనుకోకండి.

మన పేర్లలో ఇంటిపేరు తరచూ ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. ఖాతాలో కె. సుజాత అని, ధ్రువపత్రంలో కొత్తపల్లి సుజాత అని ఉంటే పేచీ లేదు, తండ్రి పేరూ పుట్టిన తేదీ కుదిరితే చాలు. ఇంగ్లీషు వర్ణక్రమంలో ‘హెచ్’ ఉన్న సుజాత, లేని సుజాత కూడా అంతే. కాకపోతే కొత్త కార్డు మీద మాత్రం కొత్త ఆధార్‌లో ఉన్న వర్ణక్రమమే రాయించండి, ఇంటిపేరు పూర్తిగా రాయించండి. మళ్లీ ఒక్క అక్షరం రాస్తే రేపు ఇదే తగాదా ఇంకొకరి బల్ల మీదకు వస్తుంది.

పాన్ నంబరు పేరుతో పాటు మారదు. సవరణకు దరఖాస్తు పెట్టిన రసీదు తీసుకుని ఫైలులో ఉంచండి.

పేరు మారితే సంతకం మారాలన్న నియమం లేదు. సుజాత అని మాత్రమే సంతకం చేసే ఆమెకు పాత సంతకమే సాగుతుంది. మార్చుకుంటానంటే, దరఖాస్తు మీద ముందు పాత సంతకం చేయించి రికార్డుతో సరిపోల్చాలి. ఖాతా సొంతదారే అడుగుతున్నారని చెప్పేది ఆ సంతకమే. ఆ తరువాత కొత్త సంతకాలు మీ ఎదుట చేయించాలి. పాత కార్డును చింపకండి. రద్దు చేసినట్టు తేదీ వేసి ఫైలులో ఉంచండి.

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: పాత సంతకంతో ఇచ్చిన చెక్కులు ఇంకా ఎవరి దగ్గరైనా ఉన్నాయా? చెక్కు దాని మీది తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది. ముందు తేదీలు వేసి ఇచ్చినవైతే ఇంకా ఎంతకాలానికో వస్తాయి. కొత్త సంతకం కంప్యూటర్లో ఎక్కాక అవి సంతకం కలవలేదని తిరిగి వెళతాయి. అలా తిరిగిన చెక్కుకు కూడా, చెక్కు చెల్లకపోవడాన్ని నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో చెప్పింది. కాబట్టి ఆ చెక్కుల నంబర్లు దరఖాస్తు వెనక రాయించి సంతకం తీసుకోండి. వాటికి బదులు కొత్త సంతకంతో వేరే చెక్కులు ఇచ్చి, పాతవి వెనక్కి తీసుకోమనండి.

అభ్యాసం. ఖాతా పి. అనూరాధ పేరు మీద ఉంది. వివాహ ధ్రువపత్రంలో వధువు పెనుమర్తి అనురాధ, వరుడు చాగంటి శ్రీధర్, పెళ్లి 2022 మే, నమోదు 2024 జనవరి. చాగంటి అనూరాధ పేరుతో డ్రైవింగ్ లైసెన్సు 2022 ఫిబ్రవరిలో జారీ అయింది. ఆధార్ పాత పేరుతోనే ఉంది, పుట్టిన తేదీ ఖాతాతో సరిపోయింది. పాత సంతకంతో ఇచ్చిన రెండు చెక్కులు ఇంకా రావలసి ఉన్నాయి. ఆమె సంతకం మార్చమన్నారు. తీసుకుంటారా, తిప్పి పంపుతారా అని రాసి ఊరుకోవద్దు. ప్రతి కాగితమూ ఏ కొస దగ్గర కుదిరింది, ఏ కొస దగ్గర కుదరలేదో రాయండి. కౌంటరు ముందు నిలబడిన అనూరాధ గారిని ఏమేమి అడుగుతారో, ఆమె మళ్లీ ఒక్కసారే రావలసి వచ్చేలా ఏ కాగితాలు తెమ్మంటారో మీ మాటల్లోనే రాయండి.