మినాక్సిడిల్ వాడకం, మూడో పాఠం: సీసా చెప్పే లెక్క

మినాక్సిడిల్ అంటే పలచబడ్డ చోట జుట్టు రావడానికి తలకి రాసే మందు. క్రితం పాఠంలో డాక్టరు చెప్పిన 5 శాతం ద్రావణం కొని తెచ్చుకున్నాం. ఈ రోజు దాన్ని తలకి రాయడం నేర్చుకుందాం.

రాజాంలో ఉండే మా మేనల్లుడు పోయిన నెల విజయనగరంలో నా మందుల షాపుకి వచ్చాడు. "మావయ్యా, ఇంకో సీసా ఇవ్వు. ఇదేటి, చెంపల మీద నూగు వస్తోంది?" అన్నాడు. ముందు సీసా ఎన్నాళ్ళు వచ్చిందని అడిగాను. పదిహేను రోజులన్నాడు. సంగతి అక్కడే తెలిసిపోయింది.

సీసాలో 60 మి.లీ. ఉంటుంది. వాడాల్సింది పూటకి 1 మి.లీ., రోజుకి రెండు పూటలు. అంటే సీసా సరిగ్గా నెల రావాలి. పదిహేను రోజుల్లో అయిపోయిందంటే వాడు పూటకి రెండు మి.లీ. పోస్తున్నాడన్నమాట. బట్టతల ఎంత పెద్దదైనా కొలత మారదు. ఎక్కువ రాస్తే జుట్టు ఎక్కువ రాదు. మిగిలింది నుదుటి మీదకి, చెంపల మీదకి కారుతుంది. కొంత ఒంట్లోకి పోయి గుండెదడ, కళ్ళు తిరగడం తేవచ్చు కూడా. ఇది మొదట రక్తపోటుకి వాడిన మందని మరిచిపోకూడదు. ఒక పూట మర్చిపోతే వదిలేయండి, తర్వాతి పూట రెట్టింపు రాయొద్దు.

ఇప్పుడు రాయడం చూద్దాం. తల, జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. తలస్నానం చేసిన వెంటనే వద్దు, చెమట పట్టి ఉన్నప్పుడూ వద్దు. నూనె రాసుకున్న తల మీదా వద్దు, నూనె పొర అడ్డం పడుతుంది. డ్రాపర్‌లో 1 మి.లీ. గీత వరకు మందు తీసుకోండి. స్ప్రే పంపు అయితే ఎన్ని నొక్కులకి ఒక మి.లీ. అవుతుందో డబ్బాలోని కాగితం మీద ఉంటుంది. పలచబడ్డ చోట జుట్టుని పాయలుగా విడదీసి, చర్మం మీదే నాలుగైదు చోట్ల చుక్కలు వేయండి. జుట్టు మీద పడ్డ మందు వృథా. తర్వాత వేలి కొనతో మెల్లగా పరవండి, గట్టిగా రుద్దక్కర్లేదు. మా వాడు కొబ్బరినూనెలా రెండు అరచేతులతో మర్దనా చేసేవాడు. సగం మందు చేతులకే పోయేది.

నుదుటి మీదకి జారితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. కంట్లో పడితే మంచినీళ్ళతో బాగా కడగాలి.

ఆరడం దగ్గర చాలామంది పొరబడతారు. అరగంటలో తల పొడిగా కనిపిస్తుంది కానీ, మందు చర్మంలోకి పూర్తిగా దిగడానికి నాలుగు గంటలు పడుతుంది. అందాకా తల తడపకూడదు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఫ్యాను గాలి చాలు. మన వైపు వర్షాకాలంలో ఉక్క ఎక్కువ కాబట్టి ఇంకాస్త సమయం ఇవ్వండి. మందులో ఆల్కహాల్ ఉంటుంది కనుక తడి ఉన్నంతసేపూ పొయ్యి దగ్గరకీ, దీపం దగ్గరకీ వెళ్ళొద్దు.

మా వాడు పదిన్నరకి రాసుకుని పదకొండుకి పడుకునేవాడు. మందు తలగడకి అంటుకుని, రాత్రంతా చెంపకి రాసుకునేది. నూగు వచ్చిన చోటు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. వాడు కుడివైపు తిరిగి పడుకుంటాడు, కుడి చెంపమీదే ఎక్కువ. ఇప్పుడు సాయంత్రం ఏడున్నరకి రాస్తున్నాడు. పడుకునే వేళకి కనీసం రెండు గంటలు, వీలైతే నాలుగు గంటలు గడిచి ఉండాలి. తలగడ గలీబు మార్చి, కొలత సరిచేసుకున్నాడు. మందు తగలడం ఆగితే ఆ నూగు కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

చివరిది చేతులు కడుక్కోవడం. రాసిన మరుక్షణమే సబ్బుతో, గోళ్ళ సందుల్లోనూ, వేళ్ళ మధ్యనా రుద్ది కడగండి. మనం చేత్తో అన్నం కలుపుకునేవాళ్ళం, కళ్ళు నులుముకునేవాళ్ళం. నీళ్ళతో తడిపి లుంగీకి తుడుచుకుంటే సరిపోదు. ఇంట్లో పసిపిల్లలుంటే మరీ జాగ్రత్త. తండ్రి తలనుంచి మందు అంటుకుని పిల్లలకి ఒంటి మీద వెంట్రుకలు పెరిగిన కేసులున్నాయి. అందుకే తల తడిగా ఉండగా బిడ్డని గుండెకి హత్తుకోవద్దు, భుజాన వేసుకోవద్దు. పిల్లి ఉంటే దాన్నీ దూరంగా ఉంచండి, దానికి ఈ మందు ప్రాణాంతకం.

ఈ వారం మీరు చేయాల్సిన పని ఒకటే. సీసా మూత తీసిన రోజు తేదీని దాని మీద పెన్నుతో రాసుకోండి. నెలకి ముందే అయిపోతే చేతి కొలత తప్పింది. నెల దాటి వస్తోందంటే పూటలు తప్పుతున్నాయి.

మొదటి వారాల్లో జుట్టు ఉన్నదానికంటే ఎక్కువ రాలి చాలామందికి టెన్షన్ పుడుతుంది. దాని సంగతి నాలుగో పాఠంలో.