పురిటికి పంపి మళ్ళీ తీసుకెళ్ళకపోతే: విడాకుల పిటిషన్‌కు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే లాయరుగా నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కథ ఒకటుంది. ఏడో నెలలో అమ్మాయి పురిటికి పుట్టింటికి వస్తుంది. బిడ్డ పుడుతుంది. బారసాలకు అల్లుడు వచ్చి వెళ్తాడు. మూడో నెల, అయిదో నెల దాటినా తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. రెండు మూడేళ్ళ తర్వాత కోర్టుకు వెళ్తే భర్త తరఫున కోర్టులో వేసే జవాబులో, అంటే కౌంటర్‌లో, ఒకే మాట ఉంటుంది: "ఆమే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది." ఇల్లు దాటింది ఆమే కాబట్టి పైకి చూస్తే అది నిజంలాగే కనిపిస్తుంది. అది నిజం కాదని చూపించే కాగితాలు, మెసేజ్‌లు ఆ రెండేళ్ళలో ఎవరూ దాచిపెట్టి ఉండరు. నా బాధంతా అదే.

హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగే కేసుల గురించే ఇక్కడ చెబుతున్నాను. ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం విడాకులకు క్రూరత్వం ఒక కారణం, వదిలేయడం మరో కారణం. వదిలేయడం అంటే పిటిషన్ వేసే రోజుకు ముందు కనీసం రెండేళ్ళపాటు, మధ్యలో తెగకుండా, సరైన కారణం లేకుండా, అవతలివారి ఇష్టం లేకుండా విడిచిపెట్టడం. ఎవరు గడప దాటారన్నది కోర్టుకు ముఖ్యం కాదు. కాపురం ముగించాలన్న ఉద్దేశం ఎవరిదన్నదే చూస్తుంది. కొట్టి, తిట్టి, బతకనివ్వక భార్య వెళ్ళిపోయేలా చేస్తే, ఇంట్లోనే ఉన్న భర్త కూడా చట్టం దృష్టిలో వదిలేసినవాడే. భార్య భర్తను వదిలేసిన కేసులకూ ఇదే లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలి అమ్మాయి, హైదరాబాద్‌లో కాపురం. 2022 జూన్‌లో పురిటికి వచ్చింది. సెప్టెంబర్‌లో బారసాల జరిగింది, భర్త వచ్చాడు. డిసెంబర్‌లో అడిగితే "సంక్రాంతి తర్వాత చూద్దాం" అన్నాడు. 2023 మార్చి 19న, ఉగాదికి మూడు రోజుల ముందు ఆదివారం, తండ్రి మరో ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్ళాడు. "నాకు ఆమెతో కాపురం వద్దు" అని అల్లుడు ముఖం మీదే చెప్పాడు. ఆ రాత్రి అమ్మాయికి "ఇక రావద్దు, సామాన్లు పంపేస్తా" అని వాట్సాప్ మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశాడు.

ఇక్కడ రెండేళ్ళు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? చాలామంది 2022 జూన్ నుంచి లెక్కేసి 2024 జూలైలో పిటిషన్ వేసేస్తారు. అది పెద్ద పొరపాటు. పురిటికి వెళ్ళడం ఇద్దరి ఇష్టంతో జరిగింది, కాబట్టి ఆ రోజున ఎవరూ ఎవరినీ వదిలేయలేదు. గట్టిగా రుజువు చేయగల తేదీ 2023 మార్చి 19. అక్కడి నుంచి 2024 జూలైకి పదహారు నెలలే అయ్యాయి, అంటే వదిలేయడం అన్న కారణం కింద ఆ పిటిషన్ ముందే వేసినట్టు లెక్క. మూడేళ్ళు వాయిదాలు తిరిగాక ఈ ఒక్క కారణంతో పిటిషన్ కొట్టేస్తే ఆ అమ్మాయి మళ్ళీ మొదటికి వస్తుంది. పిటిషన్ రాయించే ముందు లాయరు దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఈ తేదీ.

తర్వాత చూడాల్సింది తెగకుండా అన్న మాట. ఇదే అమ్మాయి 2024 సంక్రాంతికి పాపను చూపించడానికి అత్తగారింటికి వెళ్ళి నాలుగు రోజులు ఉందనుకోండి. మళ్ళీ కాపురం మొదలైందని అవతలివాళ్ళు వాదిస్తారు. నాలుగు రోజుల రాకపోకతోనే గడువు తెగిపోదు, ఏ ఉద్దేశంతో వెళ్ళింది, భార్యాభర్తలుగా ఉన్నారా లేదా అన్నది చూస్తారు. కానీ ఆ రాకను పిటిషన్‌లో దాచిపెడితే క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, బయటపడుతుంది, అప్పుడు మిగతా మాటలనూ జడ్జిగారు అనుమానంగా చూస్తారు. ఎందుకు వెళ్ళింది, ఎక్కడ పడుకుంది, ఎందుకు తిరిగి వచ్చింది అన్నది ముందే మనమే రాయాలి.

పెద్దమనుషుల పంచాయితీలో సంతకాల గురించి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. "ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం" అని స్టాంపు కాగితం మీద రాయించుకుంటారు. కులాచారం ప్రకారం విడాకులు ఉన్నాయని విడిగా రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితంతో విడాకులు రావు. పైగా అది వదిలేయడం అన్న కారణాన్నే చంపేస్తుంది, ఎందుకంటే ఇష్టంతో విడిపోయిన చోట వదిలేయడం ఉండదు. ఖాళీ కాగితం మీద అసలే సంతకం పెట్టకండి.

ఇక ఏం దాచిపెట్టుకోవాలి? పై ఉదాహరణలో అన్నిటికంటే విలువైనవి మామూలుగా కనిపించే మెసేజ్‌లు. 2022 జూన్‌లో "డాక్టర్ ఏమన్నారు, డెలివరీ అయ్యాక వచ్చి తీసుకొస్తా" అని భర్త పెట్టిన మెసేజ్ ఉంటే, ఆమె అలిగి వెళ్ళిపోలేదని అదొక్కటే చెప్పేస్తుంది. ఆ తర్వాత ఆమె "ఎప్పుడు వస్తావు" అని అడిగినవి, జవాబు రానివి కూడా సాక్ష్యమే. స్క్రీన్‌షాట్లతో ఆగకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. మనకు ఇబ్బందిగా ఉన్నవి చెరిపేసి మిగతావి చూపిస్తే, అవతలివాళ్ళ ఫోన్‌లో పూర్తి చాట్ ఉంటుందని గుర్తుంచుకోండి.

ఆ ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, ఫార్మాట్ చేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ప్రింట్లతోపాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు, రెండోది ఒక నిపుణుడు ఇవ్వాలి. ఫైల్‌ను తర్వాత మార్చలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టంలోని 14వ సెక్షన్ సాక్ష్యాల విషయంలో జడ్జికి కొంత వెసులుబాటు ఇస్తుంది. అయినా దాన్ని నమ్ముకుని సర్టిఫికెట్ మానేయవద్దనే నేను చెబుతాను, పైకోర్టులో అదే అభ్యంతరం మళ్ళీ వస్తుంది.

రికార్డింగుల గురించి రోజూ అడుగుతారు. భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో చూడవచ్చని 2025 జూలై 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాన్ని ఇంతకంటే సాగదీయకండి. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడినది భర్త ట్యాప్ చేసిన కేసులో, అది ఆమె ఏకాంతంలోకి చొరబడటమేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు లోగడ తప్పుపట్టింది. అవతలివాళ్ళ ఫోన్ లాక్ తీయడం, మెయిల్‌లోకి వెళ్ళడం, నిఘా యాప్ పెట్టడం చేస్తే సాక్ష్యం మాట అటుంచి మీ మీదే కేసు పడవచ్చు. హోటల్ బిల్లులు, కాల్ వివరాలు కావాలంటే పిటిషన్ వేసి కోర్టు ద్వారా తెప్పించుకోవాలి. ఆలస్యం చేయకండి, ఆ రికార్డులు కంపెనీల దగ్గర ఎల్లకాలం ఉండవు. సీసీ కెమెరా ఫుటేజ్ అయితే చాలాచోట్ల కొన్ని వారాల్లోనే చెరిగిపోతుంది.

క్రూరత్వం కేసులో దారి కాస్త వేరు. కాపురంలో మామూలుగా వచ్చే కీచులాటలను కోర్టు క్రూరత్వం కింద లెక్కపెట్టదు. "రోజూ వేధించేవాడు" అన్న వాక్యానికి బరువు ఉండదు. ఏ తేదీన, ఏ ఇంట్లో, ఎవరి ముందు, ఏం అన్నాడు, ఆ తర్వాత ఏం జరిగింది అని అయిదారు సంఘటనలు రాస్తే దానికి బరువు ఉంటుంది. క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సిన పని లేదు, రెండు కథల్లో ఏది నమ్మదగ్గదో తూచి చూస్తారు. అందుకే అప్పటికప్పుడు రాసుకున్న డైరీ, అక్కకు ఆ రాత్రే పెట్టిన మెసేజ్, ఆ రోజు ఓపీ చీటీ ఒకదానికొకటి బలమిస్తాయి.

దెబ్బ తగిలితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వాసుపత్రి అయితే మెడికో లీగల్ కేసుగా రాయించి, గాయాల వివరాలుండే వూండ్ సర్టిఫికెట్ అడగండి. పరువు పోతుందని "బాత్‌రూంలో జారిపడ్డాను" అని చెప్పే వాళ్ళను చాలామందిని చూశాను. తర్వాత క్రాస్‌లో మొదట చదివి వినిపించేది ఆ చీటీలోని ఆ వాక్యాన్నే. ఇప్పటికే అలా చెప్పి ఉంటే దాచకండి, ఎందుకు అలా చెప్పాల్సి వచ్చిందో లాయరుకు చెప్పండి. ప్రాణభయం ఉంటే సాక్ష్యాల కోసం ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా ఆగవద్దు, 112కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా తేదీతో సహా రికార్డులో ఉంటుంది.

రాజీపడి మళ్ళీ కలిసి ఉంటే అంతకుముందు జరిగినదాన్ని క్షమించినట్టు అవతలివాళ్ళు వాదిస్తారు. హిందూ వివాహ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం క్షమించిన క్రూరత్వం మీద విడాకులు రావు. కానీ ఆ క్షమించడం ఇకముందు సరిగా ఉంటాడన్న షరతు మీదే నిలుస్తుంది. మళ్ళీ మొదలుపెడితే పాతవన్నీ తిరిగి లెక్కలోకి వస్తాయి. కాబట్టి రాజీ ఏ తేదీన జరిగిందో, ఆ తర్వాత మొదటి సంఘటన ఎప్పుడో తప్పకుండా రాసిపెట్టుకోండి.

ఉన్నదానికి మసాలా కలపకండి. మన తెలుగు జంట ఒకరి కేసులో 2013లో సుప్రీంకోర్టు, నిరూపించలేని నీచమైన ఆరోపణలు చేయడమే మానసిక క్రూరత్వమని, కలిసి ఒకే ఇంట్లో ఉండకపోయినా అది క్రూరత్వమేనని చెప్పి భర్తకు విడాకులిచ్చింది. నాలుగు నిజమైన సంఘటనల పక్కన ఒక్క అబద్ధం చేరినా ఆ నాలుగూ బలహీనపడతాయి.

సాక్షుల విషయంలో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి కళ్ళారా చూశాడా, చెవులారా విన్నాడా? అమ్మానాన్నలు బంధువులే కదా అని వాళ్ళ మాటను తీసిపారేయరు, ఇంట్లో జరిగేది ఇంటివాళ్ళకే తెలుస్తుంది. అయితే "అమ్మాయి చెబితే విన్నాను" అనే పెదనాన్న కంటే, మార్చి 19న ఆ గదిలో కూర్చున్న పెద్దమనిషి ఎక్కువ పనికొస్తాడు. ఆయన రేపు బోనెక్కడానికి ఒప్పుకుంటాడో లేదో ఇప్పుడే అడగండి.

కాపురానికి రమ్మని, లేదా తీసుకెళ్ళమని లాయర్ నోటీసు పంపడం మంచిది, అయితే మనసులో నిజంగా ఆ ఉద్దేశం ఉంటేనే. అవతలి నుంచి నిజాయితీగా "వచ్చేయ్" అని జవాబు వస్తే, కారణం లేకుండా కాదన్న మీరే వదిలేసినవారవుతారు. కొట్టిన ఇంటికి వెళ్ళలేనంటే ఆ కారణాన్ని జవాబులో స్పష్టంగా రాయించండి. అవతలివాళ్ళే హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ కింద కాపురానికి పంపమని కేసు వేస్తే వాయిదాకు తప్పకుండా వెళ్ళండి. మీరు రాకపోవడంతో ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయి ఏడాదిపాటు కాపురం కలవకపోతే, దాన్నే ఆధారం చేసుకుని వాళ్ళు విడాకులు అడగవచ్చు. లాయరు ఫీజు కట్టలేని మహిళలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

నోటీసు తీసుకోకుండా కవరు వెనక్కి వస్తే దాన్ని చింపి చూడకండి. "తీసుకోలేదు" అని పోస్ట్‌మన్ రాసిన రాత, ముద్ర, తేదీ ఉన్న ఆ మూసిన కవరునే కోర్టులో తెరుస్తారు. పోస్టు రసీదు, ట్రాకింగ్ ప్రింటు దానికి పిన్ చేసి, జెరాక్స్ తీసి, అసలుది అత్తవారింట్లో కాకుండా మీకు నమ్మకమైన చోట పెట్టండి.