కొలిచిన వోల్టేజ్ లెక్కకు కలవకపోతే ఏం చేయాలి? మన మంగళవారం బ్యాచ్‌కు

అనంతపురం ల్యాబ్‌లో మొన్న జరిగింది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 10 వోల్టుల సప్లైకి రెండు ఒక మెగాఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో కలిపారు, లెక్క ప్రకారం ఒక్కోదాని మీద 5 రావాలి, మీటర్ 3.33 చూపించింది. "సార్, మీటర్ పోయిందేమో" అన్నారు కొందరు. ఇంకొందరు ఆ అంకె కొట్టేసి 4.98 అని రాశారు. అలా రాయకండి. ఆ 3.33 నిజమైన రీడింగే.

టవర్‌క్లాక్ దగ్గర కొన్న ఆ చిన్న పసుపు మీటర్ లోపల కూడా ఒక మెగాఓమ్ దాకా రెసిస్టెన్స్ ఉంది. ప్రోబ్‌లు ఆనించగానే అది మన రెసిస్టర్‌కు ప్యారలల్‌గా చేరుతుంది, ఒక మెగాఓమ్ కాస్తా అర మెగాఓమ్ అవుతుంది, రెండో రెసిస్టర్ మాత్రం ఒక మెగాఓమ్‌గానే ఉంటుంది, కాబట్టి 10లో మూడో వంతే మిగులుతుంది. అదే చోట 10 మెగాఓమ్‌ల మీటర్ పెడితే 4.76 వస్తుంది.

ఇది మీటర్ పనేనా, రెసిస్టర్ టాలరెన్సా అని తేల్చుకోవడానికి ముందు సప్లై వోల్టేజ్ కొలవండి, తర్వాత ఒకే మీటర్‌తో రెండు రెసిస్టర్ల మీదా విడివిడిగా కొలిచి కూడండి. టాలరెన్స్ తేడా అయితే ఒకటి 5.1, ఇంకోటి 4.9 అవుతుంది కానీ మొత్తం 10కి సరిపోతుంది. మనకు 3.33, 3.33 కలిపి 6.66 వచ్చింది. మిగతా 3.34 ఎక్కడికీ పోలేదు, రెండుసార్లూ మీరు కొలవని రెసిస్టర్ మీద ఎక్కువ పడింది, అంతే.

ఇక మీ మీటర్ రెసిస్టెన్స్ ఎంతో మీరే కనుక్కోండి. 9 వోల్టుల బ్యాటరీని నేరుగా కొలవండి, 9.20 వచ్చిందనుకుందాం. తర్వాత ఒక మెగాఓమ్ రెసిస్టర్‌ను ఒక ప్రోబ్‌కు సిరీస్‌లో పెట్టి మళ్లీ కొలవండి. సరిగ్గా సగం, 4.60, వస్తే మీటర్‌ది ఒక మెగాఓమ్. 8.36 వస్తే 10 మెగాఓమ్‌లు. రెసిస్టర్ కాళ్లను వేళ్లతో పట్టుకుని కొలవకండి, ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసి రీడింగ్ చెడుతుంది.

ఆ విలువ తెలిశాక సరిచేయడం తేలికే:

```
V = Vm × (1 + Rth/Rm)
```

V అసలు ఉండాల్సిన వోల్టేజ్, Vm మీటర్ చూపింది, Rm మీటర్ రెసిస్టెన్స్, Rth ప్రోబ్‌లు ఆనిన చోటు నుంచి సర్క్యూట్‌లోకి చూస్తే కనిపించే రెసిస్టెన్స్. అలా చూసేటప్పుడు సప్లైని వట్టి వైరుగా లెక్కేస్తాం కాబట్టి మన సర్క్యూట్‌లో ఆ రెండు ఒక మెగాఓమ్ రెసిస్టర్లూ ప్యారలల్, అంటే అర మెగాఓమ్. 3.33ను 1.5తో గుణిస్తే 5 దగ్గరికి వచ్చేస్తుంది.

రెండు ఒక కిలోఓమ్ రెసిస్టర్లతో ఇదే చేస్తే తేడా మీ కంటికి కనిపించదు, 4.9975 వస్తుంది, అక్కడ సరిచేయాల్సిన పని లేదు. ముల్లు మీటర్‌తో మాత్రం జాగ్రత్త, దాని రెసిస్టెన్స్ రేంజ్‌ను బట్టి మారుతుంది: వోల్టుకు 20 కిలోఓమ్‌లు అని రాసి ఉంటే 10 వోల్టుల రేంజ్‌లో 200 కిలోఓమ్‌లే, మన సర్క్యూట్‌లో 1.43 దగ్గర ఆగుతుంది. రికార్డులో రీడింగ్ పక్కన ఏ మీటర్, ఏ రేంజ్ అన్నది కూడా రాయండి, సరిచేసిన విలువకు వేరే కాలమ్ గీయండి.