ఫోన్ స్క్రిప్టు, 4వ పాఠం: "ఎంతవుతుందండీ?" అని అడిగినప్పుడు

పోయిన పాఠంలో, రిపేరు షాపుకి ఫోన్ వస్తే వస్తువు చూడకుండా ఖచ్చితమైన ధర చెప్పొద్దని రాశాను. మీరు రాసి పంపిన సంభాషణలు చదివితే చాలామంది అక్కడే ఇరుక్కున్నట్టు తెలిసింది. దాదాపు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. అవతలి మనిషి "ఎంతవుతుందండీ?" అంటారు. మీరు "చూస్తే గానీ చెప్పలేమండీ" అంటారు. "సరే, మళ్లీ చేస్తాను" అని ఫోన్ పెట్టేస్తారు. ఆ తర్వాత ఇంకో షాపుకి చేసుకుంటారు. అందుకని ఈసారి చెబుదామనుకున్న మిస్డ్ కాల్స్ సంగతి పక్కన పెట్టి, ధర ప్రశ్న ఒక్కటే తీసుకుంటున్నాను.

ఖచ్చితమైన ధర చెప్పొద్దన్నానే గానీ ధర ఊసే ఎత్తొద్దని అనలేదు. ఫోన్ చేసినవాళ్లు బిల్లును పైసాతో సహా అడగడం లేదు. ఈ రిపేరు తమకి అందుబాటులో ఉంటుందా, తీరా మనిషి వచ్చాక రేటు పెంచేస్తారా అన్నదే వాళ్ల అనుమానం. "చూస్తే గానీ చెప్పలేం" అన్న మాట ఆ రెండు అనుమానాలనూ పెంచుతుంది.

దీనికి మీ పాత బిల్లులతో పని ఉంది. ఒకే కంప్లయింటు మీద చేసిన చివరి 20 బిల్లులు తీయండి. ఎప్పుడో ఒకసారి తగిలే విడ్డూరమైన కేసులు తీసేసి, మిగిలినవాటిలో తక్కువ ఎంత, ఎక్కువ ఎంత అని రాసుకోండి. ఎక్కువది తక్కువదానికి మూడు రెట్లు దాటిందంటే ఆ రెండు అంకెలూ కలిపి చెప్పడం దండగ. వినేవాళ్లకి పెద్ద అంకె ఒక్కటే గుర్తుంటుంది. అలాంటప్పుడు ఆ కంప్లయింటును రెండుగా విడగొట్టే ప్రశ్న ఒకటి వెతకాలి. అది ఫోన్‌లో అడిగి, జవాబు విని, దానికి సరిపోయే అంచనా మాత్రమే చెప్పాలి.

వాషింగ్ మెషిన్ ఉదాహరణ తీసుకుందాం. ముందువైపు తలుపుండే మెషిన్, నీళ్లు బయటికి పోవడం లేదు. ఫిల్టర్‌లో నాణెమో పిన్నీసో ఇరుక్కుంటే శుభ్రం చేస్తే సరిపోతుంది. డ్రెయిన్ పంపు కాలిపోతే కొత్తది వేయాలి. ఈ రెండు పనుల ఖర్చుకీ పొంతనే ఉండదు. ఇక్కడ విడగొట్టే ప్రశ్న శబ్దం. నీళ్లు పోవాల్సిన సమయంలో పంపు గుర్రుమంటోందంటే దానికి కరెంటు అందుతోంది, ఎక్కువగా అడ్డం పడిన కేసే. ఏ చప్పుడూ లేదంటే పంపుగానీ వైరింగ్‌గానీ అనుమానించాలి. ఇది అంచనా మాత్రమే. గుర్రుమంటున్న పంపు కూడా లోపల ఫ్యాను విరిగి ఉండొచ్చు. అందుకే స్క్రిప్టులో "సాధారణంగా" అన్న మాట వదలొద్దు.

పలకరింపు, షాపు పేరు మీకు తెలిసినవే. అసలు భాగం ఇలా నడవాలి:

"నీళ్లు పోవడం లేదండీ, ఎంతవుతుంది?"

"చెప్తానండీ, ఒక్కటి అడగనివ్వండి. నీళ్లు పోవాల్సిన టైముకి మెషిన్ కింద గుర్రుమని శబ్దం వస్తోందా, అసలు చప్పుడే లేదా?"

"వస్తోందండీ, కానీ నీళ్లు కదలట్లేదు."

"అలాగైతే సాధారణంగా ఫిల్టర్ దగ్గర ఏదో అడ్డం పడి ఉంటుంది. దానికి ఇంత నుంచి ఇంత లోపు అవుతుంది. వచ్చి చూసినందుకు ఇంత, పని చేయించుకుంటే అది బిల్లులో కలిసిపోతుంది. పంపు మార్చాల్సి వస్తే ముందు మీకు రేటు చెప్పి, మీరు సరే అంటేనే చేయి వేస్తాం. రేపు ఉదయం 10కి మనిషిని పంపనా, సాయంత్రం 4కి పంపనా?"

ఆ చివరి జవాబును ఊపిరి తీసుకుంటూ ముక్కలు చేయొద్దు. ధర చెప్పి ఆగారంటే ఆ ఖాళీలో అవతలివాళ్లు "సరే, ఆలోచించుకుని చేస్తా" అంటారు. ధర, చూసే ఛార్జీ, మీ సమ్మతి లేకుండా చేయం అన్న హామీ, వెంటనే రెండు టైములు, అన్నీ ఒకే ఊపులో రావాలి. చూసే ఛార్జీ దాచిపెట్టి గుమ్మంలో చెప్పేవాళ్లున్నారు. అలా చేసినవాళ్లకి నేను స్క్రిప్టు నేర్పినా ఒకటే, నేర్పకపోయినా ఒకటే.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించే సంగతి. ఇంత కష్టపడి ధర చెప్పి, చివర్లో "మీకు వీలు చూసుకుని ఫోన్ చేయండి" అంటారు. మీరు పంపినవాటిలో ఈ వాక్యం ఎన్నిచోట్ల ఉందో! వినడానికి మర్యాదగా ఉంటుంది, పని మాత్రం చెడగొడుతుంది. వీలు చూసుకోవడం, మళ్లీ ఫోన్ చేయడం రెండూ అవతలివాళ్ల నెత్తిన పెట్టేశారు. "ఎప్పుడైనా రండి, షాపు తీసే ఉంటుంది" అన్నదీ దీని తోబుట్టువే. "మీకెప్పుడు వీలండీ?" కూడా అంత మంచిది కాదు, వాళ్లు వారం మొత్తాన్ని తలచుకుని తేల్చుకోలేక ఆగిపోతారు. రెండు టైములు చెప్పండి, ఒకటి ఎంచుకోవడం తేలిక. మూడు చెప్తే మళ్లీ తికమక. "ఇంట్లో అడిగి చెప్తాను" అంటే బలవంతం చేయొద్దు, అలాగని వదిలేయొద్దు. "తప్పకుండా అడగండి. రేపు 10 గంటల టైము మీ పేరు మీద ఉంచుతాను. ఈ సాయంత్రం 6 లోపు మీరు చెప్పకపోతే ఇంకొకరికి ఇస్తాను, సరేనా?" అనండి. 6 దాటాక నిజంగానే ఇచ్చేయండి. లేకపోతే ఆ గడువును మీరే నమ్మడం మానేస్తారు, అది గొంతులో తెలిసిపోతుంది.

పేరు, అడ్రసు టైము ఖాయమయ్యాకే అడగండి. మొదట్లోనే అడిగితే ఫారం నింపుతున్నట్టుంటుంది. నంబరు ఎలాగూ స్క్రీన్ మీద ఉంది. దానికి వాట్సాప్ ఉందా అని అడిగి, మోడల్ నంబరు స్టిక్కరు ఫోటో పంపమనండి. ఈ రకం మెషిన్లకి అది సాధారణంగా తలుపు తీస్తే అంచు మీద కనిపిస్తుంది. ఫోటో ఉంటే సరైన పంపు సంచిలో వేసుకుని వెళ్లొచ్చు. నీళ్లు నిండి ఉండగా ఫిల్టర్ మూత విప్పొద్దని కూడా చెప్పండి, గదంతా తడిసిపోతుంది. నేనైతే ఇవన్నీ కాగితం డైరీలోనే రాస్తాను. యాప్ తెరిచేలోపు అవతలివాళ్లు హలో, హలో అంటారు.

వస్తువును షాపుకే తెచ్చే పనైనా టైము చెప్పడం మానొద్దు. మిక్సీ అయితే జార్ కూడా తెమ్మనండి, తిరగకపోవడానికి కారణం జార్ కింది కప్లర్ కావచ్చు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తెమ్మనండి.

అభ్యాసం: మీకు ఎక్కువగా వచ్చే మూడు కంప్లయింట్లు తీసుకుని, ఒక్కోదానికి 20 బిల్లులు ముందేసుకుని, విడగొట్టే ప్రశ్న ఒకటి, దాని రెండు జవాబులకి రెండు అంచనాలు రాయండి. బిల్లులు దాచుకోనివాళ్లు ఇవాళ్టి నుంచి రాసుకుంటూ రండి, మీకు ఇంకో దారి లేదు. ఈ వారం వచ్చే ప్రతి ఎంక్వైరీ కాల్ కిందా ఫోన్ పెట్టే ముందు మీరన్న చివరి వాక్యం, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. అందులో ఒక రోజు, ఒక గంట లేకపోతే పక్కన గుండు సున్నా పెట్టి, ఆ కాగితాలు నాకు పంపండి.