ఇండోర్ బైక్‌లో 32, రోడ్డు మీద 25: స్పీడ్ ఎందుకు కలవదు?

సమస్య: ఇండోర్ బైక్ తొక్కుతుంటే స్క్రీన్ మీద గంటకు 32 కి.మీ. కనిపిస్తుంది. అంతే కష్టపడి రోడ్డు మీద తొక్కితే 25 దాటడం లేదు. కొందరికి ఇది తిరగబడుతుంది. రెసిస్టెన్స్ బాగా పెంచి చెమటలు కక్కుతూ తొక్కినా స్క్రీన్ 20 దగ్గరే ఆగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ మీ కాళ్లలో లోపం లేదు, మెషీన్ కూడా పాడవలేదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. తేలిక లెవెల్ పెట్టి, RPM, అంటే నిమిషానికి పెడల్ చుట్లు, 80 దగ్గర నిలకడగా ఉంచి తొక్కుతూ స్పీడ్ ఎంతో చూడండి. తర్వాత రెసిస్టెన్స్ నాలుగైదు లెవెల్స్ పెంచి, అదే 80 దగ్గర తొక్కండి. కాళ్ల మీద భారం చాలా పెరుగుతుంది. స్పీడ్ మాత్రం కదలకపోతే కారణం దొరికినట్టే.

కారణం: మామూలు ఇండోర్ బైక్‌లో ఒక చిన్న సెన్సర్ పెడల్ గానీ, దానితో తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్ గానీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. కంప్యూటర్ ఆ లెక్కను తయారీదారు ముందే పెట్టిన ఒక స్థిర సంఖ్యతో గుణిస్తుంది. 90 RPM దగ్గర 32 కి.మీ. చూపిస్తోందంటే, పెడల్ ఒక్క చుట్టుకు దాదాపు 5.9 మీటర్లు వెళ్లినట్టు అందులో రాసి ఉందన్నమాట. ఇంకో కంపెనీ 5 మీటర్లు పెడితే, అదే తొక్కుడికి 27 వస్తుంది. మీరు ఎంత బలం పెడుతున్నారన్నది ఈ లెక్కలోకి రానే రాదు.

రోడ్డు మీద స్పీడ్‌ను నిర్ణయించేది ముఖ్యంగా గాలి. 75 కిలోల మనిషి 10 కిలోల సైకిల్ మీద నిటారుగా కూర్చుని, గాలి లేని రోజున చదును రోడ్డు మీద వెళ్తున్నాడనుకుందాం. టైర్ల రాపిడి 5 న్యూటన్ల దగ్గర ఉంటుంది, స్పీడ్ పెరిగినా పెద్దగా మారదు. గాలి నిరోధం అలా కాదు, స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. గంటకు 25 కి.మీ. వెళ్లడానికి ఇతనికి సుమారు 115 వాట్లు చాలు. అదే 32 వెళ్లాలంటే 210 దాటాలి. స్పీడ్ పావు వంతు కంటే కాస్త ఎక్కువ పెరగడానికి శక్తి దాదాపు రెట్టింపు కావాలి! ఇండోర్ బైక్‌లో 25 నుంచి 32కి వెళ్లాలంటే తేలిక లెవెల్ మీద RPMను 70 నుంచి 90కి పెంచితే సరిపోతుంది.

పైగా రోడ్డు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఆ 115 వాట్లతోనే, ఎదురుగాలి గంటకు 10 కి.మీ. వీస్తే అతని స్పీడ్ 20 లోపుకు పడిపోతుంది. కంటికి సరిగ్గా కనిపించని 2 శాతం ఎగువ వాలు వస్తే 16 దగ్గరికి. కష్టం ఒకటే, అంకెలు మూడు. అందుకే ఇండోర్ స్పీడ్‌ను ఏదో ఒక శాతం తగ్గించి రోడ్డు స్పీడ్‌గా మార్చే సూత్రాన్ని నేను నమ్మను.

పరిష్కారం: పోల్చాల్సింది వాట్లను. సైకిల్ మీద పవర్ మీటర్, ఇండోర్‌లో సైకిల్‌ను బిగించి తొక్కే, శక్తిని నిజంగా కొలిచే ట్రైనర్ ఉంటే పని సులువు. కానీ చవక బైక్ స్క్రీన్ మీద వాట్లు కనిపించినంత మాత్రాన వాటిని కొలిచినట్టు కాదు. చాలా వాటిలో RPM, లెవెల్ చూసి అంచనా వేస్తారు. అలాంటి అంకెను ఆ ఒక్క బైక్‌లో మీ ఎదుగుదల చూసుకోవడానికే వాడండి.

పవర్ మీటర్ లేకపోతే హార్ట్ రేట్ చూడండి, అయితే ఫ్యాన్ పెట్టుకోండి. గదిలో ఎదురుగా గాలి తగలక ఒళ్లు వేడెక్కుతుంది, అంతే శక్తి పెడుతున్నా గుండె వేగం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఫ్యాన్ లేకుండా పోల్చితే ఇండోర్ తొక్కుడు ఉన్నదానికంటే కష్టంగా తేలుతుంది. అలాగే మొదటి పది నిమిషాల అంకెలను వదిలేసి, గుండె వేగం నిలకడ పడ్డాక చూడండి.

వాట్లు, బరువు, వాలు తీసుకుని స్పీడ్ లెక్కకట్టే ట్రైనర్ యాప్‌లు రోడ్డుకు కొంత దగ్గరగా వస్తాయి. అందులో మీ బరువు సరిగ్గా ఇచ్చారో లేదో చూసుకోండి. మీరు కూర్చునే భంగిమ, ఆ రోజు గాలి మాత్రం దానికి తెలియవు.

ప్రాక్టీస్ ప్లాన్‌లో 40 కి.మీ. అని ఉండి, ఆ రోజు ఇంట్లోనే తొక్కాల్సి వస్తే దూరాన్ని సమయంలోకి మార్చండి. పైన చెప్పిన మనిషికి రోడ్డు మీద 25 చొప్పున 96 నిమిషాలు పడుతుంది. స్క్రీన్ మీద 32 చొప్పున 40 కి.మీ. 75 నిమిషాల్లోనే పూర్తవుతాయి. అక్కడ దిగిపోతే 21 నిమిషాల తొక్కుడు తగ్గినట్టే.